ఇద్దరు కోడళ్ళ పాఠం

నర్సింగ్ రెండో సంవత్సరం క్లాసులో ఆమెను అందరూ పెద్దక్క అని పిలిచేవారు. మిగతావాళ్ళంతా స్కూలు చదువు ముగించి నేరుగా వచ్చిన పిల్లలు. ఆమె మాత్రం చాలా ఏళ్ళు ఒక ఆస్పత్రిలో ఆయాగా పనిచేసి, పెళ్ళయ్యాక, మొగుడి దగ్గరా అత్తగారి దగ్గరా పట్టుబట్టి సీటు తెచ్చుకుంది. మంచం మీద పేషెంటు ఉండగానే దుప్పటి ఎలా మార్చాలో, సూది అంటే వణికిపోయే మనిషిని ఎలా మాటల్లో పెట్టాలో ఆ పిల్లలకు మేడమ్ కంటే ముందు ఆమే నేర్పింది. ఎవరికి ఏ సందేహం వచ్చినా ఆమె బెంచీ దగ్గరికి వచ్చేవారు. ఆమె పుస్తకం మూసి, కళ్ళద్దాలు పైకి తోసుకుని, "ఏంటి సంగతి" అని అడిగేది. ఆ రెండు మాటలు అనడంలో ఉన్న సుఖం ఆమెకు జీతంలో కూడా దొరకలేదు.

ఆ సంవత్సరం మొదట్లో మరో కాలేజీ నుంచి ఒక అమ్మాయి బదిలీ మీద వచ్చింది. సన్నగా, చలాకీగా, నోరు మూతపడకుండా ఉండేది. రెండో రోజుకే చిలక అని పేరు పడింది. పేరు పెట్టినవాళ్ళతో పాటు తనూ నవ్వింది. క్లాసులో మేడమ్ చెప్పిన పాఠాన్ని మధ్యాహ్నం భోజనాల దగ్గర తన మాటల్లో మళ్ళీ చెప్పేది. వింటున్నవాళ్ళు డబ్బాల మూతలు తియ్యడం మర్చిపోయేవారు. కొన్నాళ్ళకు పెద్దక్క బెంచీ దగ్గరికి వచ్చేవాళ్ళు పలచబడ్డారు. ఎవరూ ఆమెతో మానేశామని చెప్పలేదు. అటు వెళ్ళేవాళ్ళు అటే ఆగిపోయారు, అంతే.

చంటి ఒక్కతే మిగిలింది. క్లాసులో అందరికంటే పొట్టి, అందరికంటే భయస్తురాలు. మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్‌లో చేతులు వణికి ట్రే కింద పడేస్తే, పెద్దక్క పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు ముక్కలు చెప్పి నిలబెట్టింది. అప్పటి నుంచి చంటి ఆమె కొంగు వదల్లేదు. ఇప్పుడు పెద్దక్కకు అది అక్కరకు వచ్చిన ఊరట.

ఐసీయూ పోస్టింగ్ దగ్గరపడింది. క్లాసు మొత్తాన్ని ఒకేసారి పంపడం కుదరదు గనుక, ఒక పరీక్ష పెట్టి మార్కుల ప్రకారం మొదటి బ్యాచ్‌ని ఎంచుతానంది మేడమ్. ఆ పరీక్షలో ముఖ్యమైన పాఠం ఏబీజీ, అంటే ధమని నుంచి తీసిన రక్తంలో ఆమ్లం ఎంతుందో, శ్వాస ఎలా ఉందో చెప్పే రిపోర్టు. ఆ పాఠం చెప్పిన రోజే పెద్దక్క కాలేజీకి వెళ్ళలేకపోయింది. అత్తగారికి కంటి శుక్లం ఆపరేషన్ అయింది, కట్టు విప్పించడానికి తీసుకెళ్ళాలి. భర్త వ్యాన్ డ్రైవరు, ఆ రోజు అతనికి దూరం ట్రిప్పు పడింది. తప్పలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి వంట మొదలుపెట్టేసరికి ఫోన్ మోగింది. చిలక వాయిస్ మెసేజ్ పంపింది. మామూలుగా పంపేవాటి కంటే చాలా పొడుగ్గా ఉంది. కింద ఒక లైను రాసింది: "అక్కా, క్లాసు మిస్ అయ్యావు కదా, ఇది నీకోసం."

నీకోసం అన్న మాట చదవగానే ఆమెకు ఒళ్ళు మండింది. తను అడిగిందా? తన దగ్గర పుస్తకం లేదా? అయినా వినకుండా ఉండలేకపోయింది. చేతులు తడిగా ఉన్నాయి, ఫోన్ గట్టు మీద పెట్టి స్పీకర్‌లో వేసింది. వంటింటి గుమ్మం దగ్గర అత్తగారు నల్లకళ్ళద్దాలతో కుర్చీలో కూర్చుని ఉంది. టీవీ చూడొద్దన్నారు డాక్టర్లు. చెవులే ఆమెకు కాలక్షేపం.

"పెద్దక్కా, బాగున్నావా, అత్తయ్యగారి కన్ను ఎలా ఉంది?" అంటూ మొదలైంది గొంతు. "సరే, విను. రక్తం ఒక ఇల్లు అనుకో. ఆ ఇంట్లో ఇద్దరు కోడళ్ళు. చిన్న కోడలు ఊపిరితిత్తులు. ఆమె చేతిలో ఉండేది కార్బన్ డయాక్సైడ్. అది పేరుకుంటే రక్తం ఆమ్లం వైపు పోతుంది. గబగబా ఊపిరి వదిలామంటే నిమిషాల్లో బయటికి తోసేస్తుంది. పెద్ద కోడలు కిడ్నీ. ఆమె చేతిలో ఉండేది బైకార్బొనేట్, ఆమ్లాన్ని విరిచేది. ఆమె నిదానం తల్లీ. పని మొదలుపెట్టాలంటేనే గంటలు, పూర్తి కావాలంటే రోజులు."

గుమ్మం దగ్గర అత్తగారు కిసుక్కున నవ్వింది. పెద్దక్క మరిది భార్య పక్క వీధిలోనే ఉంటుంది. పొద్దున్నే ఇల్లంతా చక్కబెట్టేసి తొమ్మిదికల్లా దుకాణం తెరిచే మనిషి. ఆమె చురుకుతనం గురించి ఈ ఇంట్లో తరచుగా వినపడుతూనే ఉంటుంది.

"భలే చెప్పిందే పిల్ల," అంది అత్తగారు. "మనింటి సంగతే చెప్తున్నట్టుంది."

ట్రిప్పు ముగించి వచ్చి, అప్పుడే స్నానం చేసిన భర్త తువ్వాలుతో తల తుడుచుకుంటూ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. చిలక ఇప్పుడు అంకెల్లోకి వచ్చింది. పీహెచ్ ఏడు పాయింట్ మూడు ఐదు నుంచి ఏడు పాయింట్ నాలుగు ఐదు దాకా ఉంటే ఇల్లు ప్రశాంతం. అంతకంటే తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. కార్బన్ డయాక్సైడ్ ముప్పై ఐదు నుంచి నలభై ఐదు, బైకార్బొనేట్ ఇరవై రెండు నుంచి ఇరవై ఆరు. ముందు పీహెచ్ చూడు, ఇంట్లో గొడవ ఏ వైపుదో తెలుస్తుంది. తర్వాత ఇద్దరు కోడళ్ళలో ఆ గొడవకు సరిపడే తప్పు ఎవరి చేతిలో ఉందో చూడు.

"నేను వ్యాను తోలేవాణ్ణి, నాకే అర్థమైపోయింది," అన్నాడు అతను నవ్వుతూ. "నువ్వు మొన్న ఏదో చెప్పావు గుండె గురించి. నాకు నిద్రొచ్చేసింది."

అతను హాస్యానికే అన్నాడు. ఆమె చెయ్యి చీర కుచ్చిళ్ళకు తుడుచుకుని ఫోన్ ఆపేసింది. సగం కూడా కాలేదు.

"ఆపేశావేం?" అంది అత్తగారు. "ఆ పెద్ద కోడలు ఏం చేసిందో తర్వాత?"

పొయ్యి మీద మాడిపోతోందని పెద్దక్క చెప్పింది. నిజానికి ఏదీ మాడట్లేదు. ఆమె మనసులో మాత్రం ఒకటే మాట తిరుగుతోంది. నిదానం తల్లీ. తనను చూసే ఆ పోలిక పెట్టింది. కాదంటే పెద్ద కోడలు అనడం దేనికి? క్లాసులో పెద్ద కోడలు అయినది తనొక్కతే కదా. అందరి ముందూ నవ్వించడానికి ఇది ఒక దారి. పైగా ఎంత తియ్యగా అడిగింది, అత్తయ్యగారి కన్ను ఎలా ఉందని.

భోజనాలయ్యాక పుస్తకం తీసి ఆ పాఠం తనే చదువుకుంది. పట్టికలున్నాయి, బాణం గుర్తులున్నాయి. పైకీ కిందికీ ఉన్న ఆ బాణాలు ఎంతసేపు చూసినా ఆమెకు ఒకదానితో ఒకటి కలవలేదు. అయినా ఫోన్ ముట్టుకోలేదు. వార్డులో తను కళ్ళారా చూసినవి గుర్తు చేసుకుంది. భయంతో ఎగఊపిరి పీల్చే మనుషులు, వాళ్ళ భుజం పట్టుకుని నెమ్మదిగా, నెమ్మదిగా అనే సిస్టర్లు. ముందు పేషెంటుని చూడు, తర్వాత కాగితం చూడు అని పాత హెడ్ సిస్టర్ ఒకావిడ అంటూ ఉండేది. ఆ మాట పెద్దక్కను ఇన్నాళ్ళూ ఏ వార్డులోనూ తలదించుకోనివ్వలేదు. ఈ పాఠానికీ అది చాలనుకుంది. శ్వాస మారి, కార్బన్ డయాక్సైడ్ లెక్క తప్పిందంటే తప్పు ఊపిరితిత్తులదే. అలా తేల్చుకున్నాక మనసు కుదుటపడింది.

మర్నాడు పొద్దున చూస్తే అదే వాయిస్ మెసేజ్ క్లాసు గ్రూపులో ఉంది. ఎవరో అడిగారట, చిలక అక్కడా పెట్టింది. దాని కింద చప్పట్లు, దండాలు, ఎర్ర గుండెలు. "చిలకా, నువ్వు దేవతవే." "నాకు ఇప్పుడు అర్థమైంది." "పెద్ద కోడలు సూపర్." ఒక్కొక్కటీ చదువుతూ పోయింది ఆమె. బస్సులో నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, మరో చేత్తో టైపు చేసింది: "పరీక్షలో కథలు రాస్తే మార్కులు వెయ్యరు. పుస్తకం చదవండి."

కొంతసేపటికి చిలక నవ్వు బొమ్మ పెట్టి, "నిజమే అక్కా" అని రాసింది. ఆ తర్వాత గ్రూపులో ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం తన గెలుపో ఓటమో పెద్దక్కకు తెలియలేదు.

ఆ మధ్యాహ్నం లైబ్రరీలో చంటి నోట్సు పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఇయర్‌ఫోన్ ఒకటి చెవిలో వేలాడుతోంది. చిలక చెప్పింది వింటున్నావా అని అడిగింది పెద్దక్క. చంటి తలూపి, బాగుంది కానీ ఒకచోట అనుమానంగా ఉంది అక్కా, నువ్వు చెప్తావా అంది.

ఆ మాటతో పెద్దక్కకు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. పుస్తకం మూసింది, కళ్ళద్దాలు పైకి తోసింది.

"ఆ కథలు నమ్ముకోకు," అంది. "వార్డులో నేను చూసినన్ని కేసులు ఆ పిల్ల కలలో కూడా చూసుండదు. ముందు పేషెంటుని చూడు. గబగబా ఊపిరి తీస్తున్నాడా, కార్బన్ డయాక్సైడ్ తేడాగా ఉందా, అయితే గొడవ ఊపిరితిత్తుల్లో ఉన్నట్టే. మనం చెయ్యాల్సింది అతన్ని కూర్చోబెట్టి నెమ్మదిగా ఊపిరి పీల్చమని చెప్పడం. అంతే, ఇందులో కోడళ్ళూ లేరు, అత్తలూ లేరు."

చంటి ఏదో అడగబోయి ఆగింది. ఇయర్‌ఫోన్ తీసి చుట్టి సంచిలో వేసుకుని, పెద్దక్క చెప్పిన మాటల్ని ఉన్నవి ఉన్నట్టు రాసుకుంది. చంటి తల వంచుకుని రాస్తుంటే పెద్దక్క చూస్తూ కూర్చుంది. చాలా రోజుల తర్వాత ఆకలేసింది ఆమెకు.

పరీక్షలో పెద్ద ప్రశ్న ఇది. షుగర్ ఉన్న ఒక కుర్రాడు కొన్నాళ్ళుగా ఇన్సులిన్ మానేశాడు. లోతుగా, వేగంగా ఊపిరి తీస్తున్నాడు. నోటి నుంచి మగ్గిన పండు వాసన. రిపోర్టులో పీహెచ్ ఏడు పాయింట్ రెండు నాలుగు, కార్బన్ డయాక్సైడ్ ఇరవై నాలుగు, బైకార్బొనేట్ పది. మూల సమస్య ఏమిటి, ఆ వేగమైన శ్వాసకు అర్థమేమిటి, నర్సుగా మీరేం చేస్తారు?

పెద్దక్కకు ఆ కుర్రాడు కళ్ళ ముందు కనపడ్డాడు. ఎగసిపడే ఛాతీ, చెమట పట్టిన నుదురు. ఒక్క క్షణం బైకార్బొనేట్ పది దగ్గర ఆమె కలం ఆగింది. పది అంటే చాలా తక్కువ. దాన్ని ఏం చెయ్యాలో తెలియక పక్కన పెట్టి, సమస్య శ్వాసదేనని రాసింది. పేషెంటుని కూర్చోబెట్టి ధైర్యం చెప్పి, నెమ్మదిగా ఊపిరి పీల్చమని చెప్తాను అని ముగించింది. మిగతా ప్రశ్నలన్నీ నల్లేరు మీద నడకలా సాగాయి.

బయటికి వస్తుంటే వరండాలో పిల్లలు చిలక చుట్టూ మూగి ఉన్నారు. "అచ్చం నువ్వు చివర్లో చెప్పిందే వచ్చింది," అంటోంది ఒకమ్మాయి. "ఆయాసపడే చిన్న కోడలు." ఇంకొకమ్మాయి చిలకను వాటేసుకుంది. చిలక వాళ్ళ భుజాల మీదుగా పెద్దక్క కోసం చూసింది. "అక్కా, బాగా రాశావా?" అని కేకేసింది. పెద్దక్క తలూపి, ఆగకుండా బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళిపోయింది.

చివర్లో ఏం చెప్పింది? అక్కడ బెంచీ మీద కూర్చుని, ఇనుప అల్మరాల వైపు తిరిగి, ఫోన్ చెవికి ఆనించుకుని ఆపేసిన చోటు నుంచి విన్నది.

"పెద్ద కోడలు నిదానం అన్నానని చిన్నచూపు చూడకు అక్కా," అంటోంది గొంతు. "ఆమె పక్కకు జరిగితే ఇల్లే నిలవదు. ఇప్పుడు అసలు మెలిక విను, ఇది నీకోసమే దాచాను. షుగర్ పేషెంటు ఇన్సులిన్ మానేశాడనుకో. ఒంట్లో కీటోన్లనే ఆమ్లం తయారై ఇంట్లోకి వచ్చి పడుతుంది. దాన్ని విరిచీ విరిచీ పెద్ద కోడలి దగ్గరున్న బైకార్బొనేట్ అంతా అయిపోతుంది. కొత్తది చెయ్యాలంటే ఆమెకు రోజులు కావాలి. అప్పటిదాకా చిన్న కోడలు ఒక్కతే ఉరుకులు పరుగుల మీద కార్బన్ డయాక్సైడ్ బయటికి తోస్తూ ఇంటిని కాచుకుంటుంది. అదే ఆ ఆయాసం. చూసేవాళ్ళకి తప్పంతా ఆమెదే అనిపిస్తుంది. కాదు, ఆమె సాయం చేస్తోంది. నువ్వు మా అందరికంటే పేషెంటుని బాగా చూస్తావు అక్కా, అందుకే నీకే చెప్తున్నా. ఇక్కడ కన్ను మోసం చేస్తుంది. పీహెచ్ ఆమ్లం వైపు ఉంది, కార్బన్ డయాక్సైడేమో తక్కువుంది. తక్కువున్నది ఆమ్లాన్ని పెంచలేదు కదా. అంటే దొంగ వేరే చోట ఉన్నాడు. పొరపాటున కూడా అతన్ని నెమ్మదిగా పీల్చమని చెప్పకు. సరేనా? ఇదంతా రెండోసారి రికార్డు చేస్తున్నా, మొదటిసారి మా అమ్మ పిలిచి పాడుచేసింది. అత్తయ్యగారిని అడిగానని చెప్పు."

మెసేజ్ అయిపోయింది. ఎవరో లోపలికి వచ్చి అల్మరా తెరిచి వెళ్ళారు. పెద్దక్క అలాగే కూర్చుంది. మొదట ఆమెకు కలిగింది సిగ్గు కాదు. ఇంత బాగా ఎలా చెప్పగలిగింది అన్న మంట. నీకే చెప్తున్నా అన్న చోట ఆ గొంతులో ఏ వెక్కిరింతా లేకపోవడం ఆ మంటను ఇంకా ఎగదోసింది. వెక్కిరించి ఉంటే బాగుండేది. తర్వాత చంటి గుర్తొచ్చింది. ఆ పిల్లా అదే రాసుంటుంది.

చెప్పేద్దామని వెతుక్కుంటూ వెళ్ళింది. చంటి బస్ స్టాప్‌లో నిలబడి, ఈమెను చూడగానే మొహం విప్పార్చి, నువ్వు చెప్పిందంతా రాశానక్కా అంది. పెద్దక్క మార్కులు వచ్చాక చూద్దాంలే అని బస్సెక్కింది.

పేపర్లు దిద్దాక మేడమ్ వాళ్ళిద్దరినీ తన గదికి పిలిపించింది. బల్ల మీద రెండు పేపర్లు పక్కపక్కన పరిచి ఉన్నాయి, రెండింటిలోనూ ఒకేచోట ఎర్ర గీత.

మేడమ్ గొంతు పెంచే మనిషి కాదు. "క్లాసులో ఇద్దరే ఇద్దరు ఈ కుర్రాణ్ణి నెమ్మదిగా ఊపిరి పీల్చమన్నారు," అంది. "ప్రాణం నిలుపుకోవడానికి అతని ఒళ్ళు చేస్తున్న ఒక్క మంచి పనిని ఆపమన్నారు. అది ఒక సంగతి. ఇద్దరి పేపర్లలో మాటలు కూడా ఒకటే ఉన్నాయి. అది రెండో సంగతి." ఆమె చంటి వైపు తిరిగింది. "చూసి రాశావా?"

చంటి నేల చూపులు చూసింది. అవునని అనలేదు, కాదని అనలేదు. చేతివేళ్ళు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. పెద్దక్క పేరు చెప్పకుండా ఉండడానికి ఆ పిల్ల ఎంత కష్టపడుతోందో పెద్దక్కకు అర్థమైంది.

"చూసి రాయలేదు మేడమ్," అంది పెద్దక్క. "నేనే అలా చెప్పాను. నాకు తెలియకపోయినా తెలిసినట్టు చెప్పాను."

మేడమ్ ఆశ్చర్యపోయింది. పాఠం చెప్పిన రోజు మీరు రాలేదు సరే, ఆ వాయిస్ మెసేజ్ క్లాసంతా విన్నదట కదా, నేను కూడా విన్నాను, చక్కగా ఉంది, మీరు వినలేదా అని అడిగింది. సగం విన్నానని పెద్దక్క ఒప్పుకుంది. ఎందుకు ఆపారని మేడమ్ అడగలేదు. చంటిని అడిగింది, నువ్వూ సగమే విన్నావా అని.

"మొత్తం విన్నాను మేడమ్," అంది చంటి. చాలా చిన్నగా అంది. "రెండుసార్లు విన్నాను."

"మరి?"

"అక్క వేరేగా చెప్పింది. అక్క చెప్తే అదే కరెక్టు అయి ఉంటుందనుకున్నాను."

పెద్దక్క చంటి మొహంలోకి చూడలేక ఎర్ర గీత వైపు చూసింది.

కాపీ అన్న మాట అక్కడితో పోయింది. మార్కులు మాత్రం మార్కులే. ఆ ఒక్క ప్రశ్నతో చంటి మొదటి బ్యాచ్‌కి అందకుండా పోయింది. పెద్దక్కకు మిగతా జవాబులు బాగుండడంతో జాబితా అడుగున చోటు దొరికింది. తన చోటు చంటికి ఇవ్వమని ఆమె బతిమాలింది. మేడమ్ తల అడ్డంగా ఊపింది.

"పేషెంటు పక్కన ఎవరు నిలబడాలన్నది దానాలు ఇచ్చుకునే సంగతి కాదమ్మా. ఆ పిల్ల రెండో బ్యాచ్‌లో వస్తుంది. మీరు వెళ్ళండి, నేర్చుకోండి."

మెట్లు దిగుతూ పెద్దక్క క్షమించమంది. చంటి ఫర్వాలేదక్కా అంది. కానీ కింది మెట్టు మీద ఆగి, ఒక్క మాట అడిగింది, నీకు నిజంగా తెలియదా, తెలిసే చెప్పావా అని. తెలియదని పెద్దక్క చెప్పింది. చంటి తలూపి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి ఆ పిల్ల చిలక వెనక బెంచీలో కూర్చునేది. రమ్మని పిలిచే హక్కు తనకు లేదని పెద్దక్కకు తెలుసు. ఆ రెండు తలలూ ఒక నోట్సు మీద వాలి ఉండడం చూసినప్పుడల్లా మాత్రం చూపు తిప్పుకోవాల్సి వచ్చేది.

చిలకతో మాట్లాడడానికి ఆమెకు ఇంకా కొన్ని రోజులు పట్టింది. ఐసీయూలో చేతులు కడుక్కునే చోట ఇద్దరే దొరికారు. జరిగిందంతా చెప్పింది. అత్తగారు నవ్వడం దగ్గర నుంచి మొదలుపెట్టి చెప్పింది. చిలక మోచేతుల దాకా నురగతో అలాగే నిలబడిపోయింది.

"నిన్ను అన్నాననుకున్నావా అక్కా?" అంది చివరికి. "మా అమ్మ పెద్ద కోడలు. ఆమెను తలుచుకుని చెప్పాను." నీళ్ళు తిప్పి చేతులు కడుక్కుంది. "గ్రూపులో నువ్వలా రాశాక, వెటకారానికి రాసుండవులే అనుకున్నా. అదే పదిసార్లు చెప్పుకున్నా నాకు నేను."

పెద్దక్కను ఆమె ఏమీ తిట్టలేదు. టిష్యూ కాగితంతో చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత గ్రూపులో వాయిస్ మెసేజ్‌లు రావడం మానేశాయి. అడిగినవాళ్ళకు విడిగా పంపుతోందని పెద్దక్కకు ఆనోటా ఈనోటా తెలిసింది. బస్సులో పక్క సీటు నుంచి, భోజనాల దగ్గర ఎవరి ఫోన్లోంచో ఆ గొంతు అప్పుడప్పుడు వినపడేది. ఎక్కడో ఒకచోట పిల్లలు పకపకా నవ్వేవారు. దేనికి నవ్వారో ఆమెకు తెలిసేది కాదు.

తర్వాతి పరీక్ష పొటాషియం గురించి. ఈసారి ఆమె క్లాసులోనే ఉంది, ముందు బెంచీలో కూర్చుని విన్నది. అయినా ఒకచోట ముడి పడింది. షుగర్ ఎక్కువైన పేషెంటుకి ఇన్సులిన్ ఇస్తూ పొటాషియం కోసం అంత కాపలా ఎందుకు? పుస్తకం చూసింది, నోట్సు చూసింది. సాయంత్రం బట్టలు మడతపెడుతూ చాలాసేపు ఆలోచించి, ఫోన్ తీసుకుని జీవితంలో మొదటిసారి తన గొంతు రికార్డు చేసింది.

"చిలకా, నేనమ్మా, పెద్దక్కని. నాకొక డౌటుంది. తీరిక ఉంటేనే చెప్పు." ప్రశ్న అడిగి పంపేసింది. పంపాక తన గొంతు తనే విన్నది, రైల్వే స్టేషన్లో ప్రకటనలా ఉంది.

జవాబు త్వరగానే వచ్చింది. "ఇన్సులిన్ చక్కెరతో పాటు పొటాషియాన్ని కూడా రక్తం నుంచి కణాల్లోకి పంపేస్తుంది. రక్తంలో బాగా తగ్గితే గుండె లయ తప్పుతుంది. అందుకే పొటాషియం ఎంతుందో ముందే చూసుకోవాలి, ఇచ్చేటప్పుడు మళ్ళీ మళ్ళీ చూసుకోవాలి, ఈసీజీ మీద కన్నేసి ఉంచాలి." అంతే. ఇల్లు లేదు, మనుషులు లేరు, అక్కా అన్న పిలుపు కూడా లేదు. పాఠం మాత్రం పూర్తిగా అర్థమైంది. పెద్దక్క దాన్ని మళ్ళీ పెట్టింది, ఎక్కడైనా ఒక నవ్వు జారిందేమోనని. జారలేదు.

"ఆ పిల్లేనా?" అంది మంచం మీద నుంచి అత్తగారు. కన్ను బాగైపోయింది, నల్లకళ్ళద్దాలు తీసేసింది. "గొంతేంటి అలా ఉంది, జలుబా?"

"జలుబు కాదు అత్తయ్యా. నా మీద కోపం."

"నువ్వేం చేశావని?"

పెద్దక్క చేతిలో ఉన్న బట్ట మడతపెట్టడం ఆపింది. భర్తకు గానీ, ఈమెకు గానీ ఇన్ని రోజులూ ఆమె ఒక్క ముక్క చెప్పలేదు.

"కుళ్ళు అత్తయ్యా నాకు," అంది. "ఆ పిల్లంటే కుళ్ళు."

అత్తగారు కాళ్ళు ముడుచుకుని మంచం మీద చోటు చేసింది. పెద్దక్క వెళ్ళి కూర్చుని మొదటి నుంచి చెప్పింది. వింటున్నంతసేపూ ముసలావిడ అడ్డు రాలేదు. అంతా అయ్యాక, ఇప్పుడు పోయిందా ఆ కుళ్ళు అని అడిగింది.

"లేదు," అంది పెద్దక్క. ఒళ్ళో ఉన్న ఫోన్ తీసుకుని, చిలకను అడగడానికి ఇంకో సందేహం రికార్డు చెయ్యడం మొదలుపెట్టింది.